18 శాతం ఇచ్చిన ఫండా, 15 శాతం ఇచ్చిన ఫండా: షార్ప్ రేషియోతో పోల్చడం ఎలా?

ప్రశ్న: "రెండు ఫ్లెక్సీక్యాప్ ఫండ్లు చూస్తున్నాను. మొదటిది మూడేళ్లలో ఏడాదికి 18% ఇచ్చింది, స్టాండర్డ్ డీవియేషన్ 16, షార్ప్ 0.72. రెండోది 15% ఇచ్చింది, స్టాండర్డ్ డీవియేషన్ 9.5, షార్ప్ 0.89. పది లక్షలు పెట్టాలి, అయిదేళ్ల తర్వాత పాప ఇంజినీరింగ్ చదువుకి కావాలి. షార్ప్ ఎక్కువ ఉందని 18% వచ్చినదాన్ని వదులుకోవడమేనా?"

జవాబు:

మీరిచ్చిన అంకెలు ముందు విప్పి చూద్దాం. షార్ప్ అంటే ఒక భాగహారం, అంతే. పైన ఉండేది ఫండ్ రాబడి మొత్తం కాదు, రిస్క్ లేకుండా వచ్చే వడ్డీ కంటే అది అదనంగా సంపాదించినది. కింద ఉండేది ఆ రాబడి నెలనెలా ఎంత ఎగుడుదిగుడుగా వచ్చిందో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్. రిస్క్ లేని రేటు 6.5% అనుకుంటే, మొదటి ఫండ్‌కి 18 లోంచి 6.5 తీసేస్తే 11.5, దాన్ని 16తో భాగిస్తే 0.72. రెండోదానికి 15 లోంచి 6.5 పోతే 8.5, దాన్ని 9.5తో భాగిస్తే 0.89. అంటే మొదటి ఫండ్ మీరు భరించిన ప్రతి ఒక శాతం కుదుపుకీ 0.72 శాతం అదనపు రాబడి ఇచ్చింది, రెండోది 0.89 శాతం ఇచ్చింది.

ఇది ఉత్త అంకెల ఆట కాదని తెలియాలంటే మొదటి ఫండ్‌ని రెండోదాని స్థాయికి మనమే నెమ్మదింపజేసి చూడాలి. పది లక్షల్లో 5.94 లక్షలు మొదటి ఫండ్‌లో, 4.06 లక్షలు లిక్విడ్ ఫండ్‌లో పెట్టారనుకోండి. లిక్విడ్ ఫండ్‌లో ఎగుడుదిగుళ్లు దాదాపు సున్నా కాబట్టి మొత్తం మీద స్టాండర్డ్ డీవియేషన్ 16లో 59.4%, అంటే సరిగ్గా 9.5 అవుతుంది. ఇప్పుడు కుదుపు రెండోదానితో సమానం. రాబడి ఎంత? ఫండ్ భాగం మీద 18% చొప్పున 1,06,920, లిక్విడ్ భాగం మీద 6.5% చొప్పున 26,390, కలిపి 1,33,310 రూపాయలు. అదే కుదుపుతో రెండో ఫండ్ 1,50,000 ఇచ్చేది. ఏడాదికి దాదాపు 16,700 తేడా. 0.72కీ 0.89కీ మధ్య తేడాని రూపాయల్లోకి మారిస్తే వచ్చేది ఇదే. షార్ప్ రేషియోని నేనైతే ఈ ఒక్క రకంగానే చదవమంటాను: రెండింటినీ ఒకే కుదుపుకి తెచ్చాక ఎవరి చేతిలో ఎక్కువ మిగిలింది అని.

దీనికి ఎదురు లెక్క కూడా ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. రెండో ఫండ్‌నే 16 కుదుపు దాకా పెంచితే 18 కంటే ఎక్కువ రావాలి కదా? పుస్తకంలో వస్తుంది. మీ పది లక్షలకు 6.84 లక్షలు అప్పు చేసి, 16.84 లక్షలూ రెండో ఫండ్‌లో పెట్టాలి. 15% చొప్పున 2,52,600 వస్తుంది. అప్పు 6.5%కి దొరికితే వడ్డీ 44,460 పోగా 20.8% మిగులుతుంది. కానీ మనలాంటివాళ్లకు 6.5%కి ఎవరిస్తారు? 11%కి తెస్తే వడ్డీ 75,240, మిగిలేది 17.7%. మొదటి ఫండ్ అప్పు లేకుండా ఇచ్చిన 18 కంటే తక్కువ. అంటే షార్ప్ ఎక్కువున్న ఫండ్ మేలన్న మాట కుదుపు తగ్గించుకోవాలనుకునేవాళ్లకి గట్టిగా వర్తిస్తుంది. ఎక్కువ రాబడే కావాలి, పడిపోయినా భరిస్తానని అనుకునేవాళ్లకి 0.89 ఏ విధంగానూ 18% తెచ్చిపెట్టదు. (ఈ లెక్క కోసం చెప్పాను గానీ, ఫండ్‌లో పెట్టడానికి అప్పు చెయ్యకండి.)

ఇక ఆ 0.72, 0.89 ఎక్కడినుంచి వచ్చాయో చూడాలి. మన దగ్గర ఫ్యాక్ట్‌షీట్లలో సాధారణంగా గత మూడేళ్ల నెలవారీ రాబడులతో, అంటే 36 అంకెలతో, లెక్క కడతారు. రిస్క్ లేని రేటుగా ఓవర్‌నైట్ మైబార్, అంటే బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి అప్పిచ్చుకునే వడ్డీ రేటు, తీసుకోవడం మామూలు, ఎంత తీసుకున్నారో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాస్తారు. ఆ అడుగు గీతని తప్పకుండా చదవండి. ఒకదానిది జూన్ నెలాఖరు, ఇంకోదానిది సెప్టెంబర్ నెలాఖరు అయితే ఆ రెండు షార్ప్‌లూ పోల్చడానికి పనికిరావు. వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో రేటు వాడతాయి కాబట్టి ఒక ఫండ్ షార్ప్ ఒకచోట, ఇంకో ఫండ్ షార్ప్ ఇంకోచోట చూసి పోల్చడం కూడా తప్పే.

అందుకే మీరే లెక్క కట్టుకోవడం మేలు, పావుగంట పని. యాంఫీ వెబ్‌సైట్‌లో పాత ఎన్ఏవీలు దొరుకుతాయి. రెండు ఫండ్లకీ ఒకే తేదీలకి నెలాఖరు ఎన్ఏవీలు 37 తీసుకోండి, వాటి నుంచి 36 నెలల రాబడులు వస్తాయి. ఎన్ఏవీలు B2 నుంచి B38 దాకా, నెలకి రిస్క్ లేని రేటు D1లో పెడితే ఎక్సెల్‌లో ఇంతే:

```
C3:  =B3/B2-1        (C38 దాకా లాగండి)
D1:  =6.5%/12
E1:  =(AVERAGE(C3:C38)-D1)/STDEV.S(C3:C38)*SQRT(12)
```

ఎన్ఏవీలు గ్రోత్ ఆప్షన్‌వే తీసుకోవాలి. ఐడీసీడబ్ల్యూ, అంటే ఒకప్పుడు డివిడెండ్ అన్న ఆప్షన్, ఎన్ఏవీ తీసుకుంటే, ఫండ్ డబ్బు పంచిన రోజున ఎన్ఏవీ ఆ మేరకు తగ్గుతుంది, మీ షీటు దాన్ని నష్టం అనుకుంటుంది. రాబడి తగ్గి, కుదుపు పెరిగి, షార్ప్ రెండువైపులా దెబ్బతింటుంది. అలాగే డైరెక్ట్ ప్లాన్‌ని డైరెక్ట్‌తోనే పోల్చండి. రెగ్యులర్ ప్లాన్‌లో ఖర్చు ఒక శాతం ఎక్కువుంటే కుదుపు మారదు, రాబడి ఒక శాతం తగ్గుతుంది. మీ మొదటి ఫండ్‌కైతే ఒక శాతాన్ని 16తో భాగించాలి, 0.06 తేడా. రెండోదానికి 9.5తో భాగించాలి, 0.1 పైనే. కుదుపు తక్కువున్న ఫండ్‌లో ఖర్చు షార్ప్‌ని ఎక్కువ కోస్తుంది.

లెక్క ఒకసారి చేత్తో చేస్తే ఎక్కడ తప్పు దొర్లుతుందో తెలుస్తుంది. పన్నెండు నెలల రాబడులు 3, -2, 4, 1, -3, 5, 2, -1, 4, -4, 3, 3 శాతం అనుకుందాం. మొత్తం 15, సగటు 1.25. రిస్క్ లేని రేటు నెలకి 0.5 తీసేస్తే అదనపు రాబడి 0.75. ఇప్పుడు ప్రతి నెల రాబడికీ 1.25కీ ఉన్న దూరాన్ని వర్గం చేసి కలిపితే 100.25 వస్తుంది. ఇందులో ఒక్క -4 ఉన్న నెలదే 27.56. మొత్తంలో పావు వంతు కంటే ఎక్కువ ఒకే ఒక నెల వల్ల వచ్చింది, ఇది గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. 100.25ని 11తో భాగించి వర్గమూలం తీస్తే 3.02. 0.75ని 3.02తో భాగిస్తే నెలవారీ షార్ప్ 0.248. ఏడాదికి మార్చడానికి 12 వర్గమూలం 3.464తో గుణిస్తే 0.86.

12తో కాకుండా దాని వర్గమూలంతో ఎందుకు గుణిస్తామంటే, అదనపు రాబడి నెలలతో పాటు పన్నెండు రెట్లు పెరుగుతుంది. కానీ కొన్ని నెలల లాభాలు కొన్ని నెలల నష్టాల్ని మింగేస్తాయి కాబట్టి కుదుపు అంత పెరగదు, 3.464 రెట్లే పెరుగుతుంది. పన్నెండుని 3.464తో భాగిస్తే మళ్లీ 3.464. ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. అదనపు రాబడిని ఏడాదికి 9% చేసి, కింద నెలవారీ 3.02ని అలాగే ఉంచితే షార్ప్ 2.98 వస్తుంది. ఈక్విటీ ఫండ్‌కి మూడేళ్ల షార్ప్ 3 దగ్గర కనబడితే ఫండ్‌ని మెచ్చుకునే ముందు షీటు అనుమానించండి. ఇంకో చిన్న తేడా, STDEV.S బదులు STDEV.P వాడితే 11 బదులు 12తో భాగించినట్టు, ఇదే డేటాకి 0.86 కాస్తా 0.90 అవుతుంది. 36 నెలలకి ఈ తేడా ఒకటిన్నర శాతం లోపే, కానీ రెండు ఫండ్లకీ ఒకటే వాడాలి.

మీ షీటులో వచ్చిన అంకె ఫ్యాక్ట్‌షీట్ అంకెతో కలవకపోతే గాభరా పడొద్దు. మీరు రాసిన 18% అనేది సీఏజీఆర్, చక్రవడ్డీ లెక్క. షీటు వాడేది నెలల మామూలు సగటు. చక్రవడ్డీ లేకుండా నెల రాబడిని పన్నెండు రెట్లు చేస్తే 18% కాస్తా 16.7%, 15% కాస్తా 14.1% అవుతుంది. దాని మీద కుదుపు వల్ల మామూలు సగటు కొంత పెరుగుతుంది, ఆ పెరుగుదల సుమారుగా స్టాండర్డ్ డీవియేషన్ వర్గంలో సగం. 16% ఫండ్‌కి అది దాదాపు 1.3 శాతం, 9.5% ఫండ్‌కి 0.45 శాతం. రెండూ కలిపి చూస్తే షీటులో మొదటిది 0.72 దగ్గరే ఉంటుంది, రెండోది 0.84 దగ్గరకి దిగుతుంది. వరస మారలేదు గానీ దూరం 0.17 నుంచి దాదాపు 0.13కి తగ్గింది. ఒక ఫండ్‌కి ఒక పద్ధతి, ఇంకోదానికి ఇంకో పద్ధతి మాత్రం వాడొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. 0.72కీ 0.89కీ మధ్య ఉన్న 0.17ని ఎంత నమ్మొచ్చు? మూడేళ్ల డేటాతో కట్టిన షార్ప్‌లో గాలివాటం చాలా ఉంటుంది. ఈ స్థాయి షార్ప్‌లకి ముతకగా చెప్పాలంటే, ఆ అంకెలో ఉండే పొరపాటు ఏళ్ల సంఖ్య వర్గమూలంతో ఒకటిని భాగిస్తే వచ్చేది. మూడేళ్లకి 0.58. అంటే మీ 0.72 వెనకున్న నిజమైన షార్ప్ 0.2 అయినా కావచ్చు, 1.2 అయినా కావచ్చు, ఈ డేటా కాదనలేదు. రెండు ఫండ్లూ ఒకే మార్కెట్లో ఉండి కలిసి లేచి కలిసి పడతాయి కాబట్టి వాటి మధ్య తేడాలో పొరపాటు కాస్త తక్కువే. రెండింటి నెలవారీ రాబడుల మధ్య కోరిలేషన్ 0.9 అయితే అది 0.26 దాకా వస్తుంది. (ఎక్సెల్‌లో CORREL ఫార్ములాతో మీరే చూసుకోవచ్చు.) అయినా మీ 0.17 ఆ 0.26 లోపలే ఉంది. కాబట్టి ఈ మూడేళ్లలో రెండోది మేలుగా చేసిందని చెప్పొచ్చు, రెండో ఫండ్ మేనేజర్ ఎక్కువ నేర్పరి అని మాత్రం ఈ అంకెతో తేలదు.

ఈ కొలతని తెచ్చిన విలియం షార్ప్ 1966 నాటి పత్రంలో కూడా ఇదే కనబడుతుంది. ఆయన 34 అమెరికన్ మ్యూచువల్ ఫండ్లని 1954 నుంచి 1963 దాకా కొలిచాడు. 11 ఫండ్లే డౌ జోన్స్ కంటే మెరుగైన నిష్పత్తి చూపించాయి. అంతకు ముందు పదేళ్ల వరసకీ ఈ పదేళ్ల వరసకీ ఉన్న పొంతన 0.36 మాత్రమే. పదేళ్ల డేటాకే అంతంతమాత్రం అయితే మూడేళ్లదాని మీద ఎంత బరువు పెట్టాలో మీరే చూడండి.

ఇందాక ఒక్క నెల సంగతి గుర్తుంచుకోమన్నాను. 2020 మార్చిలో నిఫ్టీ 50 ఆ ఒక్క నెలలో 23% పడింది. 35 నెలలు సగటున 1.5% ఇచ్చి, 4.5% కుదుపుతో నడిచిన ఫండ్ ఒకటి ఊహించండి. నెలకి 0.45 రిస్క్ లేని రేటుతో దాని షార్ప్ 0.81. దానికి -23% ఉన్న ఒక నెల చేర్చండి. సగటు 0.82కి పడుతుంది, కుదుపు 6.03కి పెరుగుతుంది, షార్ప్ 0.21. నాలుగో వంతు! ఆ మార్చి 36 నెలల కిటికీలో 2023 ఫిబ్రవరి దాకా ఉంది, మార్చి నెలాఖరు లెక్కకి బయటికి జారిపోయింది. ఏ మేనేజరూ ఒక్క షేరు మార్చకపోయినా ఆ నెల ఫ్యాక్ట్‌షీట్లలో ఈక్విటీ ఫండ్ల షార్ప్‌లు పైకి లేవడానికి ఇది చాలు. కాబట్టి ఒక్క తేదీ నాటి షార్ప్‌తో సరిపెట్టుకోకండి. ఎనిమిది పదేళ్ల ఎన్ఏవీలు దొరికితే అదే ఫార్ములాని నెల నెలా కిందికి లాగుతూ ప్రతి 36 నెలల ముక్కకీ షార్ప్ కట్టి, రెండు ఫండ్లవీ పక్కపక్కన పెట్టండి. రెండోది ఎక్కువ ముక్కల్లో పైన ఉంటే అది నమ్మదగ్గ సాక్ష్యం. ఒక పడిపోయిన మార్కెట్ చుట్టూ ఉన్న ముక్కల్లోనే పైన ఉంటే, అది ఆ సమయంలో నగదు పట్టుకుని కూర్చుంది అంతే.

కాకపోతే కిటికీలో షార్ప్ సున్నా కిందికి పోయిన ముక్కల్ని పోలికలోంచి తీసెయ్యండి. రాబడి 2%, రేటు 6.5% అనుకుంటే 10% కుదుపు ఉన్న ఫండ్‌కి -0.45, 20% కుదుపు ఉన్నదానికి -0.23 వస్తుంది. రాబడి ఒకటే, కుదుపు రెట్టింపు, అయినా అదే మేలన్నట్టు కనబడుతుంది. మైనస్‌లో ఈ కొలత తలకిందులవుతుంది.

మీ అంకెల్లో నాకు వెంటనే తగిలింది ఆ 9.5. పూర్తిగా షేర్లలో ఉండే ఫ్లెక్సీక్యాప్‌కి అది బాగా తక్కువ. సెబీ నిబంధన ప్రకారం ఫ్లెక్సీక్యాప్ ఫండ్ కనీసం 65% ఈక్విటీలో ఉంటే చాలు, మిగతా 35% నగదులోనో బాండ్లలోనో ఉంచొచ్చు. ఈక్విటీ అని లెక్కకొచ్చే దాంట్లో కూడా కొంత ఫ్యూచర్లతో హెడ్జ్ చేసి ఆర్బిట్రాజ్‌గా నడపొచ్చు. ఫ్యాక్ట్‌షీట్‌లో పోర్ట్‌ఫోలియో పట్టిక చివర నగదు, ట్రెప్స్ అనే ఒకటి రెండు రోజుల అప్పులు, డెట్, హెడ్జ్ చేసిన ఈక్విటీ ఎంతెంత ఉన్నాయో కలపండి. అది 30% దగ్గర ఉంటే రెండో ఫండ్ చేస్తున్నది చాలావరకూ ఇందాక మనం 5.94, 4.06 అని చేసినదే. అప్పుడు మీ నిజమైన ప్రశ్న ఏ ఫండ్ అని కాదు, పది లక్షల్లో ఎంత షేర్లలో ఉండాలి అని.

అందులో ఒక పన్ను సంగతి రెండోదానికి అనుకూలం. మీరే లిక్విడ్ ఫండ్ కలుపుకుంటే ఆ భాగం లాభం మీ స్లాబు ప్రకారం పన్నుకి వస్తుంది. ఫండ్ లోపలే ఉన్న నగదు మీద వచ్చింది ఈక్విటీ ఫండ్ లాభంగానే లెక్క. 2024 జులై 23 నుంచి ఏడాది దాటిన లాభంలో 1.25 లక్షలు పోగా మిగిలినదాని మీద 12.5%. మీరు 30% స్లాబులో ఉంటే తేడా చిన్నది కాదు.

షార్ప్ చూడలేని రిస్క్ కూడా ఒకటి ఉంది, ముఖ్యంగా ఆ డెట్ భాగంలో. ఎన్ఏవీ రోజూ సాఫీగా పెరుగుతూ ఉంటే స్టాండర్డ్ డీవియేషన్ చిన్నగా, షార్ప్ గొప్పగా కనబడుతుంది. లోపల తక్కువ రేటింగ్ బాండ్లున్నా, అమ్ముదామంటే కొనేవాళ్లు లేకపోయినా, ఆ దెబ్బ తగిలే రోజు దాకా ఏ నెల అంకెలోనూ అది ఉండదు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలని మూసేసినప్పుడు మదుపుదారుల డబ్బు ఒక్కసారిగా ఆగిపోయింది. అలా ఆగిపోయే అవకాశాన్ని స్టాండర్డ్ డీవియేషన్ ముందుగా చెప్పదు. రెండో ఫండ్‌లో డెట్ ఉంటే అది సర్కారు బాండ్లు, ట్రెజరీ బిల్లులా, లేక AA, అంతకంటే తక్కువ రేటింగ్ కాగితాలా అన్నది చూడండి. తక్కువ రేటింగ్ కాగితాలైతే ఆ 9.5 అంకె అసలు రిస్క్ కంటే తక్కువ చూపిస్తున్నట్టే.

మీ విషయానికొస్తే, అయిదేళ్లలో తేదీ ఖాయంగా ఉన్న ఖర్చుకి 16 కుదుపున్న ఫండ్‌లో పది లక్షలూ పెట్టమని నేను చెప్పను. ఫీజు కట్టాల్సిన ఏడాదే మార్కెట్ పడితే ఆగి చూసే వీలు మీకు లేదు. 9.5 దగ్గర ఉండడం మీ అవసరానికి సరిపోతుంది. దాన్ని రెండో ఫండ్‌తో సాధించడమా, మొదటి ఫండ్‌కి లిక్విడ్ కలిపి సాధించడమా అన్నది ముందు చెప్పిన లెక్కలతో తేల్చండి. రెండింటి ఎన్ఏవీలూ ఒకే తేదీలకి తీసుకుని, దొరికినంత వెనక్కి వెళ్లి, ముక్కలుగా షార్ప్ కట్టండి. రెండోది చాలా ముక్కల్లో పైన ఉండి, డెట్ భాగం శుభ్రంగా ఉంటే అదే తీసుకోండి. రెండూ కలిసిపోయి ఎవరు పైనో తేలకపోతే డైరెక్ట్ ప్లాన్‌లో ఖర్చు తక్కువున్నదాన్ని ఎంచుకోండి, గాలివాటం లేకుండా ముందే తెలిసే అంకె అదొక్కటే. ఆఖరి రెండేళ్లూ మాత్రం ఏది తీసుకున్నా నెలనెలా కొంత చొప్పున లిక్విడ్ ఫండ్‌లోకి ఎస్‌టీపీ, అంటే దానంతటదే మారే ఏర్పాటు, పెట్టి మారుస్తూ రండి. మీ షీటు కట్టాక 36 నెలల ముక్కల అంకెలు ఇక్కడ పెడితే చూసి చెప్తాను.